రాడ్ తినేసే బలం

పోలవరం స్పిల్‌వే మీద 48 రేడియల్ గేట్లున్నాయి. ఒక్కో గేటు 16 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల ఎత్తు. వాటిని ఎత్తేది ఇనుప తాళ్లు కాదు, హైడ్రాలిక్ సిలిండర్లు. గేటుకు రెండు చొప్పున మొత్తం 96 సిలిండర్లు. సిలిండర్ గొట్టం పైన స్తంభానికి బిగించి ఉంటుంది, దాని రాడ్ కొస కిందున్న గేటును పట్టుకుని ఉంటుంది. గేటు తెరవాలంటే రాడ్ బయటికి రాకూడదు, లోపలికి ముడుచుకోవాలి. అంటే ఇక్కడ సిలిండర్ చేసే పని తొయ్యడం కాదు, లాగడం.

మామూలుగా మనకు తెలిసిన సిలిండర్లు తోసేవే. టిప్పర్ తొట్టిని పైకి లేపేది, లారీ కింద పెట్టే జాకీ, షెడ్డులో బుష్‌లు దించే ప్రెస్సు అన్నీ రాడ్‌ను బయటికి నెట్టి పని చేస్తాయి. అందుకే సిలిండర్ ఎన్ని టన్నులదని అడిగితే చాలామంది తోసే బలమే చెబుతారు. కొట్లో కూడా అదే అంకె చెబుతారు. ఆ అంకె నమ్మి అదే సిలిండర్‌ను లాగే పనికి పెడితే పని సగంలో ఆగిపోతుంది. పంపు బాగానే ఉంటుంది, ఆయిల్ బాగానే ఉంటుంది, సీళ్లు కొత్తవే. అయినా బరువు కదలదు. తప్పు యంత్రంలో లేదు, లెక్కలో ఉంది.

సిలిండర్ లోపల ఏముందో ఒకసారి చూద్దాం. నున్నగా గీసిన ఒక ఉక్కు గొట్టం. దాని లోపలి వ్యాసాన్ని బోర్ అంటారు. ఆ గొట్టంలో బిగుతుగా ముందుకూ వెనక్కూ జరిగే బిళ్ల పిస్టన్. పిస్టన్‌కు ఒక పక్క రాడ్ బిగించి ఉంటుంది, అది గొట్టం మూతలోంచి బయటికి వస్తుంది. గొట్టానికి రెండు చివర్లా ఆయిల్ వచ్చిపోయే దారులుంటాయి. రాడ్ లేని వైపు నుంచి ఆయిల్ పంపితే అది పిస్టన్ ముఖమంతా తాకి తోస్తుంది, రాడ్ బయటికి వస్తుంది. రాడ్ ఉన్న వైపు నుంచి పంపితే రాడ్ లోపలికి పోతుంది.

తేడా అంతా ఈ రెండో వైపే ఉంది. ఆ వైపు పిస్టన్ నడిమధ్యలో రాడ్ నిలబడి ఉంది. రాడ్ ఉన్నంత మేర ఆయిల్ పిస్టన్‌ను తాకదు. రాడ్ చుట్టూ మిగిలిన వలయం మీదే ఆయిల్ ఒత్తిడి పడుతుంది. హైస్కూల్ లెక్కల్లో గుండ్రటి తోట చుట్టూ బాట వేసి, ఆ బాట వైశాల్యం కనుక్కోమని అడిగేవాళ్లు గుర్తుందా? పెద్ద వృత్తం వైశాల్యంలోంచి చిన్న వృత్తం వైశాల్యం తీసేసేవాళ్లం. ఇక్కడా అదే లెక్క. పెద్ద వృత్తం బోర్, చిన్న వృత్తం రాడ్, మిగిలిన బాట ఆయిల్ పనిచేసే వలయం.

బోర్‌ను D, రాడ్ వ్యాసాన్ని d అనుకుంటే వలయ వైశాల్యం ఇలా వస్తుంది:

```
A = 0.7854 × (D² − d²)
F = p × A
```

ఇందులో 0.7854 అంటే పైలో నాలుగో వంతు. వ్యాసాలు తీసుకుని లెక్క కడుతున్నాం కాబట్టి పై బదులు ఈ అంకె వస్తుంది. p అంటే ఆయిల్ ఒత్తిడి, F అంటే లాగే బలం. ఒత్తిడి ఒక్కో చదరపు మిల్లీమీటరు మీద ఎంత బలం పడుతోందో చెబుతుంది. వైశాల్యంతో గుణిస్తే మొత్తం బలం తేలుతుంది.

ఇప్పుడొక సిలిండర్‌ను తీసుకుందాం. ఏదో ఒక ఆటోనగర్ షెడ్డులో, తుప్పు పట్టి మొరాయించిన పిన్నులను లాగి తీయడానికి ఒక బెంచి తయారు చేశారనుకోండి. దానికి పెట్టిన సిలిండర్ బోర్ 100 మిల్లీమీటర్లు, రాడ్ 56 మిల్లీమీటర్లు. ఈ రెండూ మార్కెట్‌లో మామూలుగా దొరికే కొలతలే. పంపు పక్కనున్న రిలీఫ్ వాల్వ్‌ను 160 బార్ దగ్గర పెట్టారు. అంటే ఆయిల్ ఒత్తిడి అంతకు మించి పెరగదు.

ముందు తోసే బలం చూద్దాం. 100ను 100తో గుణిస్తే 10,000. దాన్ని 0.7854తో గుణిస్తే 7,854 చదరపు మిల్లీమీటర్లు. ఇది పిస్టన్ పూర్తి ముఖం. ఒక బార్ అంటే చదరపు మిల్లీమీటరుకు 0.1 న్యూటన్, కాబట్టి 160 బార్ అంటే 16 న్యూటన్లు. 7,854ను 16తో గుణిస్తే సుమారు 1,25,660 న్యూటన్లు. ఒక టన్ను బరువు దాదాపు 9,807 న్యూటన్లు కాబట్టి ఇది 12.8 టన్నులు. కొట్లో చెప్పే అంకె ఇదే.

ఇక లాగే బలం. 56ను 56తో గుణిస్తే 3,136. పదివేలలోంచి తీసేస్తే 6,864. దాన్ని 0.7854తో గుణిస్తే 5,391 చదరపు మిల్లీమీటర్లు. ఇదీ వలయ వైశాల్యం. 16తో గుణిస్తే సుమారు 86,260 న్యూటన్లు, అంటే 8.8 టన్నులు.

అదే సిలిండర్, అదే పంపు, అదే ఒత్తిడి. తోసేటప్పుడు 12.8 టన్నులు, లాగేటప్పుడు 8.8 టన్నులు. నాలుగు టన్నులు రాడ్ తినేసింది.

మన దగ్గర చాలా గేజీల మీద బార్ బదులు చదరపు సెంటీమీటరుకు ఇన్ని కిలోలని ఉంటుంది. అలాంటి గేజీ ఉంటే పని ఇంకా తేలిక. వైశాల్యాన్ని చదరపు సెంటీమీటర్లలోకి మార్చుకుంటే 53.9 అవుతుంది. 160 బార్ అంటే ఆ గేజీ మీద దాదాపు 163. రెండూ గుణిస్తే నేరుగా కిలోల్లోనే జవాబు వస్తుంది, కొంచెం తక్కువ 8,800 కిలోలు. న్యూటన్ల జోలికి పోనక్కర్లేదు. ఏ పద్ధతైనా సరే, బార్లను చదరపు సెంటీమీటర్లతో గుణించి వచ్చినదాన్ని న్యూటన్లని రాయడం లాంటి కలగాపులగం మాత్రం చేయకూడదు. అలా చేస్తే జవాబు పదింతలు తక్కువ వస్తుంది.

ఈ లెక్కలో ఎక్కువమంది పడే గొయ్యి ఒకటుంది. వంద బోర్‌లోంచి యాభై ఆరు రాడ్ తీసేస్తే నలభై నాలుగు, ఆ నలభై నాలుగుకు వైశాల్యం కట్టేస్తే సరిపోదా అనుకుంటారు. సరిపోదు. 44 మిల్లీమీటర్ల వృత్తం వైశాల్యం 1,520 చదరపు మిల్లీమీటర్లే. దానితో బలం కడితే రెండున్నర టన్నులు కూడా రాదు. అసలు బలం 8.8 టన్నులు. వ్యాసాలను కాదు, వాటి వర్గాలను తీసేయాలి. కాలిక్యులేటర్ చేతిలో లేకపోతే ఒక దగ్గరి దారి ఉంది. వ్యాసాల తేడాను, వ్యాసాల మొత్తంతో గుణించండి. 44ను 156తో గుణిస్తే 6,864. వర్గాల తేడా కూడా అదే.

వర్గాల లెక్క కావడం వల్లే ఇంకో విషయం కూడా జరుగుతుంది. రాడ్ బోర్‌లో సగం లావుంటే బలంలో పోయేది సగం కాదు, నాలుగో వంతే. పదింట ఏడు వంతుల లావుంటే మాత్రం దాదాపు సగం పోతుంది. రాడ్ సన్నగా ఉన్నంతసేపూ నష్టం పెద్దగా తెలియదు. లావు పెరిగేకొద్దీ నష్టం చాలా వేగంగా పెరుగుతుంది. మన సిలిండర్‌లో రాడ్ బోర్‌లో 56 శాతం, పోయిన బలం 31 శాతం.

కాగితం మీద 8.8 టన్నులు వచ్చింది కదా అని 8.8 టన్నుల పిన్ను లాగడానికి దిగితే మళ్లీ ఇబ్బందే. రెండు చోట్ల కొంత బలం పోతుంది. ఒకటి రాపిడి. పిస్టన్ సీళ్లు గొట్టాన్ని, రాడ్ సీళ్లు రాడ్‌ను పట్టుకుని ఉంటాయి. సీళ్లు మంచి స్థితిలో ఉన్న సిలిండర్‌కు రాపిడి కింద ఐదు శాతం తీసేయడం సమంజసమని నా అభిప్రాయం. పాతదైతే పది శాతం తీసేయడం మంచిది.

రెండోది చాలామంది లెక్కలోకి తీసుకోనిది, వెనక ఒత్తిడి. రాడ్ లోపలికి పోతుంటే అవతలి వైపున్న ఆయిల్ బయటికి పోవాలి. అది హోస్‌లోంచి, వాల్వ్‌లోంచి, ఫిల్టర్‌లోంచి దూరి ట్యాంకుకు చేరాలి. అలా దూరడానికి కొంత ఒత్తిడి కావాలి. ఐదు బార్లే అనుకుందాం, చిన్న అంకెలాగే కనిపిస్తుంది. కానీ ఆ ఐదు బార్లు పడేది వలయం మీద కాదు, పిస్టన్ పూర్తి ముఖం మీద. 7,854ను 0.5తో గుణిస్తే 3,927 న్యూటన్లు, అంటే 400 కిలోలు మన లాగుడుకు ఎదురు తోస్తాయి. తోసేటప్పుడు ఇదే వెనక ఒత్తిడి వలయం మీదే పడుతుంది కాబట్టి నష్టం తక్కువ. లాగేటప్పుడు రెండు వైపులా దెబ్బే. మనకు పనికొచ్చే వైశాల్యం చిన్నది, మనకు ఎదురొచ్చే వైశాల్యం పెద్దది.

రెండూ తీసేస్తే మన సిలిండర్ నిజంగా లాగేది దాదాపు 78,000 న్యూటన్లు, అంటే ఎనిమిది టన్నులకు కాస్త తక్కువ. ఏడు టన్నుల పనికి ఇది సరిపోతుంది. ఎనిమిదికి నమ్మకూడదు.

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. ఎప్పుడో ఆ బెంచి మీద తోసే పని కూడా చేయబోతే రాడ్ వంగింది. విప్పి లేత్ మీదికి పంపారు. షెడ్లలో ఇలాంటప్పుడు ఒక మాట తరచూ వినిపిస్తుంది. "అన్నా, ఈసారి డెబ్భై రాడ్ వేసేద్దాం. గ్లాండ్ బోరు పెంచి సీళ్లు మారిస్తే చాలు. జన్మలో వంగదు." యజమానికి కూడా నచ్చుతుంది. లావు రాడ్ అంటే గట్టి సిలిండర్ అనే కదా ఎవరైనా అనుకునేది. బోర్ మారలేదు, పంపు మారలేదు, బలం తగ్గడానికి కారణమేమీ కనిపించదు.

లెక్క చూడండి. 70ను 70తో గుణిస్తే 4,900. పదివేలలోంచి తీసేస్తే 5,100. వలయ వైశాల్యం 4,006 చదరపు మిల్లీమీటర్లు. 160 బార్ దగ్గర లాగే బలం దాదాపు 64,090 న్యూటన్లు, అంటే ఆరున్నర టన్నులు. కాగితం మీదే రెండు టన్నుల పైచిలుకు పోయింది. రాడ్ వ్యాసం పెరిగింది 14 మిల్లీమీటర్లే.

అంతటితో ఆగదు. వలయం చిన్నదైంది కాబట్టి అదే పంపు ఇచ్చే ఆయిల్‌తో పిస్టన్ ముందుకన్నా వేగంగా ముడుచుకుంటుంది. పంపు నిమిషానికి 12 లీటర్లు ఇస్తోందనుకుందాం. పాత రాడ్‌తో అవతలి వైపు నుంచి నిమిషానికి పదిహేడున్నర లీటర్లు బయటికి పోయేవి. కొత్త రాడ్‌తో ఇరవై మూడున్నర లీటర్లు పోవాలి. హోస్, వాల్వ్ పాతవే. ప్రవాహం పెరిగితే ఒత్తిడి నష్టం అంతకన్నా ఎక్కువగా, దాదాపు వర్గం లెక్కన పెరుగుతుంది. ముందు ఐదు బార్లున్న వెనక ఒత్తిడి ఇప్పుడు తొమ్మిదికి చేరుతుంది. పూర్తి ముఖం మీద తొమ్మిది బార్లంటే ఏడు వందల కిలోలకు పైగా ఎదురు బలం. రాపిడి కూడా తీసేస్తే చివరికి చేతికి మిగిలేది ఐదున్నర టన్నులు. నిన్నటి దాకా ఏడు టన్నులు లాగిన బెంచి ఇవాళ ఆరు టన్నులకే బిక్కమొహం వేస్తుంది. బరువు పూర్తిగా ఆగిపోయినప్పుడు ఆయిల్ కదలదు కాబట్టి వెనక ఒత్తిడి చాలావరకు పడిపోతుంది, బలం ఆరు టన్నుల దగ్గరికి వస్తుంది. అయినా ఏడు టన్నుల పిన్ను కదలదు.

ఇక్కడే చాలామంది అసలైన తప్పు చేస్తారు. సిలిండర్ నీరసించిందని రిలీఫ్ వాల్వ్ స్క్రూ తిప్పుతారు. పాత 8.8 టన్నుల బలం రావాలంటే ఒత్తిడి 215 బార్లకు పెంచాలి. పెంచితే లాగే బలం వచ్చేస్తుంది, నిజమే. కానీ ఎవరో ఒకరు లివర్ అటు నెట్టి రాడ్‌ను బయటికి పంపితే? పూర్తి ముఖం మీద 215 బార్లంటే 17.2 టన్నులు. బెంచి ఫ్రేము, వెల్డింగులు, పిన్నులు 12.8 టన్నులకు సరిపోయేలా కట్టినవి. లాగుడు కోసం పెంచిన ఒత్తిడి తోపుడులో ఫ్రేమును చీల్చేస్తుంది. హోస్‌లూ పంపూ ఆ ఒత్తిడికి తయారైనవి అవునో కాదో అది వేరే సంగతి.

లాగే పనికి లావు రాడ్ అసలు అవసరమా అన్నదే ముందు అడగాల్సిన ప్రశ్న. రాడ్ వంగేది తోసేటప్పుడు. పొడుగాటి సన్నని రాడ్‌ను కొసల నుంచి నొక్కితే మధ్యలో విల్లులా వంగుతుంది కాబట్టి పొడుగు స్ట్రోకు తోపుడుకు లావు రాడ్ కావాలి. లాగేటప్పుడు రాడ్ నిటారుగా సాగదీసినట్టు ఉంటుంది, వంగే ప్రసక్తే లేదు. మన 56 రాడ్ మీద 86,260 న్యూటన్లు పడితే దాని అడ్డుకోతలో చదరపు మిల్లీమీటరుకు వచ్చేది 35 న్యూటన్లే. రాడ్‌లకు వాడే మామూలు మధ్యరకం కార్బన్ స్టీలు దీనికి ఎన్నో రెట్లు తట్టుకుంటుంది. బలహీనమైన చోటు రాడ్ నడుము కాదు, కొసన ఉన్న మర. అక్కడ వ్యాసం తగ్గుతుంది, గాట్లుంటాయి. పరీక్షించాల్సింది ఆ మరను, దానికి బిగించిన ఐ ముక్కను, పిస్టన్‌ను రాడ్‌కు పట్టి ఉంచే నట్టును. లాగుడులో సిలిండర్ విడిపోతే ఈ మూడింటిలో ఒకటి వల్లే విడిపోతుంది. ఆ బెంచికి సరైన మందు డెబ్భై రాడ్ కాదు. మళ్లీ 56 రాడ్డే వేసి, ఆ బెంచి మీద తోసే పని మానెయ్యడం. తోసే పని కూడా తప్పనిసరైతే రాడ్‌తో పాటు బోర్ కూడా పెంచాలి. 125 బోర్‌లో 70 రాడ్ వేస్తే వలయ వైశాల్యం 8,424 చదరపు మిల్లీమీటర్లు వస్తుంది. అదే 160 బార్ దగ్గర కాగితం మీద 13.7 టన్నుల లాగుడు. అయితే అప్పుడు తోపుడు 20 టన్నులకు చేరుతుంది కాబట్టి ఫ్రేమును కూడా మళ్లీ లెక్క కట్టాల్సిందే.

లెక్క ఎంత సరిగా కట్టినా కొలత తప్పితే అంతా తప్పే. రాడ్ కొలవడం సులువు. బయటికే ఉంటుంది, వెర్నియర్ పెడితే తేలిపోతుంది. బోర్ లోపల దాక్కుని ఉంటుంది. చాలామంది గొట్టాన్ని బయటి నుంచి కొలిచి అదే బోర్ అనుకుంటారు. వంద బోర్ గొట్టానికి పది మిల్లీమీటర్ల మందం ఉంటే బయటి వ్యాసం 120. ఆ 120తో లెక్క కడితే లాగే బలం 14.4 టన్నులని వస్తుంది, నిజం 8.8 కాగా. ఈ తప్పు చిన్నది కాదు, ప్రమాదకరమైనది. ఎందుకంటే ఇది లేని బలాన్ని ఉన్నట్టు చూపిస్తుంది.

సిలిండర్ మీద రేకు ఉంటే దాని మీద బోర్, రాడ్, స్ట్రోకు వరసగా రాసి ఉంటాయి. సీళ్లు మార్చేటప్పుడు విప్పితే నేరుగా గొట్టం లోపల కొలవచ్చు, లేదా పిస్టన్ సీల్ మీదున్న సైజు చదవొచ్చు. ఏదీ కుదరకపోతే విప్పకుండా తెలుసుకునే ఉపాయం ఒకటుంది. ఇది నాకు చాలా ఇష్టమైనది, ఎందుకంటే వలయ వైశాల్యం కంటికి కనిపించేది ఇక్కడే.

బరువేమీ తగిలించకుండా సిలిండర్‌ను పూర్తిగా బయటికి పంపి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. తర్వాత పూర్తిగా లోపలికి లాగి ఎంత పట్టిందో చూడండి. పంపు ఒకే వేగంతో తిరుగుతుంటే రెండు సార్లూ నిమిషానికి వచ్చే ఆయిల్ ఒక్కటే. పూర్తి ముఖం వైపు నింపడానికి ఎక్కువ ఆయిల్ కావాలి, కాబట్టి ఎక్కువ సేపు పడుతుంది. వలయం వైపు తక్కువ చాలు. మన సిలిండర్‌కు అర మీటరు స్ట్రోకు, 12 లీటర్ల పంపు ఉంటే బయటికి రావడానికి 19.6 సెకన్లు, లోపలికి పోవడానికి 13.5 సెకన్లు పడుతుంది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.45 వస్తుంది. పూర్తి వైశాల్యానికీ వలయ వైశాల్యానికీ ఉన్న నిష్పత్తి కూడా అదే. తోసే బలంలో లాగే బలం ఎంతో ఇక్కడే తెలిసిపోయింది. బోర్ కూడా కావాలంటే ఈ నిష్పత్తిని r అనుకుని ఇలా కట్టొచ్చు:

```
D = d × √( r / (r − 1) )
```

మన అంకెలతో 56ను 1.79తో గుణిస్తే 100 వస్తుంది. ఒకటీ రెండూ మిల్లీమీటర్ల తేడా రావడం మామూలే, దగ్గర్లో ఉన్న ప్రామాణిక సైజు 80, 100, 125లలో ఏదో చూసుకుంటే చాలు. ఈ పరీక్షకు రెండు షరతులున్నాయి. మధ్యలో వేగం తగ్గించే వాల్వ్‌లుంటే పూర్తిగా తెరవాలి, లేకపోతే సమయాలు అబద్ధం చెబుతాయి. పిస్టన్ సీళ్లు బాగుండాలి. సిలిండర్ అడ్డంగా ఉంటే మరీ మంచిది, నిలువుగా వేలాడుతుంటే రాడ్ బరువే దాన్ని కిందికి లాగి లెక్క చెడగొడుతుంది. గీత గీసినట్టు కొలవాలంటే మూడు నాలుగు సార్లు చేసి సగటు తీసుకోండి.

వలయం వల్ల వచ్చే ప్రమాదం గురించి కూడా చెప్పాలి, ఇది మనుషుల ప్రాణాలకు సంబంధించింది. రాడ్‌ను బయటికి పంపుతున్నప్పుడు వలయం వైపున్న ఆయిల్ బయటికి పోవాలి కదా. ఆ దారి మూసుకుపోతే ఏమవుతుంది? వేగం తగ్గిద్దామని ఆ వైపు వాల్వ్‌ను పూర్తిగా బిగించినా, త్వరగా ఊడే కప్లింగు సరిగా కూర్చోకపోయినా దారి మూసుకుపోతుంది. పూర్తి ముఖం మీద 160 బార్లు తోస్తున్నాయి. ఎదురుగా అంత బలాన్నీ చిన్న వలయమే మోయాలి. వైశాల్యం తక్కువ కాబట్టి ఒత్తిడి అంత ఎక్కువవుతుంది. 56 రాడ్‌తో 233 బార్లు, 70 రాడ్‌తో 314 బార్లు. పంపు దగ్గరి గేజీ మాత్రం అప్పుడు కూడా తొణక్కుండా 160 చూపిస్తుంది. రిలీఫ్ వాల్వ్ కూడా పంపు వైపే ఉంది, దానికి ఈ సంగతి తెలియదు. హోస్ పగిలినా, రాడ్ వైపు గ్లాండ్ ఎగిరిపడినా కారణం ఎవరికీ అంతుపట్టదు. రాడ్ లావైనకొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది. అందుకే రాడ్ వైపు పోర్టు దగ్గర మరో గేజీ ఉండాలంటాను. లాగేటప్పుడు నిజంగా ఎంత ఒత్తిడి చేరుతోందో కూడా అదే చెబుతుంది. పంపు దగ్గరి గేజీ ఆ మాట చెప్పలేదు.

లాగుడు తగ్గిందని ఎవరైనా సిలిండర్ తెస్తే చూడాల్సిన వరస ఇప్పుడు తేలికే. తోపుడు బాగానే ఉండి లాగుడు ఒక్కటే తగ్గితే ముందు రాడ్ మార్చారేమో అడగాలి. రాడ్ పాతదే అయితే పూర్తి ముఖం వైపు నుంచి ట్యాంకుకు పోయే దారిలో అడ్డం చూడాలి. నిండిపోయిన రిటర్న్ ఫిల్టర్, లోపలి పొర ఊడి దారికి అడ్డం పడిన పాత హోస్, సైజు తగ్గించి వేసిన ఫిట్టింగు ఎక్కువగా దొరుకుతాయి. తోపుడూ లాగుడూ రెండూ కలిసి తగ్గితే పంపు, రిలీఫ్ వాల్వ్, పిస్టన్ సీళ్లు చూడాలి. సీళ్లు కారుతున్నాయో లేదో తెలియాలంటే రాడ్‌ను పూర్తిగా లోపలికి లాగి, అదే ఒత్తిడి మీద ఉంచి, అవతలి వైపు హోస్ విప్పి చూడాలి. ఆ పోర్టులోంచి ఆయిల్ ధార ఆగకుండా వస్తుంటే పిస్టన్ సీల్ పోయినట్టే. హోస్ విప్పే ముందు ఆ వైపు ఒత్తిడి పూర్తిగా దించాలి, బరువేదీ తగిలి ఉండకూడదు, ఆ పోర్టుకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు.

కొత్త సిలిండర్ కొనబోయేవాళ్లకు ఒక మాట. టన్నులు అడిగి ఊరుకోకండి. పని తోసేదా లాగేదా ముందు చెప్పండి. బోర్, రాడ్, పని ఒత్తిడి మూడూ రాయించుకోండి. ఇంటికి రాకముందే వలయ వైశాల్యం కట్టి, లాగే బలంలోంచి పది శాతం తీసేసి, మిగిలింది మీ పనికి చాలుతుందో లేదో చూసుకోండి. రాడ్ మార్పించే ప్రతిసారీ ఆ మూడు అంకెలనూ మళ్లీ గొట్టం మీద పంచు కొట్టించండి. తర్వాత ఆ సిలిండర్ విప్పే మెకానిక్‌కు అవే కావాలి.